కనిపించని జిప్పు అలలు లేవకుండా వేయడం ఎట్లా



మా బ్యాచ్‌లో జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు దిక్కుల వాళ్లమూ ఉన్నాం. చదువుతో పాటు మిషన్ కూడా తొక్కుతాం. తీజ్ దగ్గర పడితే మా దగ్గరికి వచ్చే బట్టల్లో సగం లాంగ్ ఫ్రాకులే, అన్నింటికీ వెనక కనిపించని జిప్పే కావాలంటారు. కొందరు కన్సీల్డ్ జిప్పు అంటారు, కొందరు ఇన్విజిబుల్ అంటారు, ఊళ్లల్ల ఇంకా చైను అనే అంటారు. పేరేదైనా అడిగేది ఒకటే: వీపు మీద జిప్పు ఉన్నట్టు తెలియొద్దు, కుట్టు అలలు లేవొద్దు. మొదటిది సులువే. రెండోదాని దగ్గరే చాలామంది కుట్టేవాళ్ల పేరు పోతున్నది. వేసుకున్న పిల్ల వెనక్కి తిరగ్గానే నడుము కింద గుడ్డ పాము పాకినట్టు కనిపిస్తే, మిగతా ఫ్రాక్ ఎంత మంచిగ కుట్టినా లెక్కలోకి రాదు. మళ్లీసారి ఆ ఇంటివాళ్లు రెడీమేడ్‌కు వరంగల్ పోతారు.

మన యాడీల కాంచళికి ఈ బాధ లేదు. వెనక తాళ్లు, ముడి, అంతే. ఫేటియాకు నాడా. తాడు గుడ్డతో పాటే వంగుతది, సాగుతది, వదులైతది. జిప్పు అట్లా కాదు. దాని పట్టీ సాగదు, కుదించుకోదు, ఒక్కసారి కుట్టినంక తన పొడవు తనదే. గుడ్డ మాత్రం సాగుతది, ఉతికితే కుదించుకుంటది. సాగని పట్టీని సాగే గుడ్డకు కుట్టినప్పుడు రెండిట్ల ఏది ఎక్కువ పొడవుంటే అది పైకి లేస్తది. అలలంటే ఇంతే. జిప్పు చెడ్డది అనుకొని ఇంకోటి కొనే ముందు, లేచింది గుడ్డనా, పట్టీనా అన్నది చూసుకోవాలి.

చూడడం కష్టం కాదు. ఫ్రాక్‌ను బల్ల మీద బోర్లా పరిచి, జిప్పు మూసి, వేళ్లతో తాకి చూడండి. జిప్పు నిటారుగా పడుకొని, దాని రెండు పక్కలా గుడ్డ చిన్న చిన్న గుట్టలుగా లేస్తే గుడ్డ ఎక్కువైంది. కుట్టేటప్పుడో, అంతకు ముందే చేతుల్లోనో గుడ్డ అంచు సాగిందన్నమాట. దీనికి తిరకాసుగా, గుడ్డ బిగువుగా ఉండి జిప్పే వంపులు వంపులుగా బయటికి పొడుచుకొస్తే పట్టీ ఎక్కువైంది. ఇది ఎక్కువగా మొదటి ఉతుకు తర్వాత బయటపడుతది. కాటన్, రేయాన్ నీళ్లల్ల కుదించుకుంటాయి, పాలిస్టర్ పట్టీ కుదించుకోదు. అందుకే కుట్టిన రోజు చక్కగా ఉన్న ఫ్రాక్ నెల తర్వాత వంకర పోతది. దీనికి మందు కుట్టే ముందే ఉంది: గుడ్డనూ లైనింగ్‌నూ కోయక ముందు ఒక రాత్రి నీళ్లల్ల నానేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయడం. తొందరలో ఈ పని ఎగ్గొడితే తర్వాత ఏం చేసినా దారి లేదు.

మూడో రకం ఒకటుంది గానీ అది అల కాదు. కుట్టు పొడుగునా సన్నగా, దగ్గర దగ్గరగా ముడతలు పడితే అది దారం బిగువు. టెన్షన్ కొంచెం వదులు చేసి, పల్చటి గుడ్డకు 11 నంబర్ సూది పెట్టి, అంగుళానికి 10 కుట్లు పడేటట్టు పెట్టుకుంటే పోతది.

ఇప్పుడు జిప్పు ఎంపిక. దుకాణంల అన్నీ ఒకే తీరు కనిపిస్తాయి గానీ పట్టీల్లో రెండు రకాలుంటాయి. ఒకటి దట్టంగా నేసిన పట్టీ, ఇంకోటి దోమతెర లెక్క సన్నని జాలీ పట్టీ. జార్జెట్, క్రేప్, మెత్తని రేయాన్‌కు జాలీ పట్టీ తీసుకోండి. దట్టమైనది కాటన్‌కు, కొంచెం బరువైన గుడ్డకు సరిపోతది. మెత్తని గుడ్డకు గట్టి పట్టీ వేస్తే, కొలతలన్నీ సరిగ్గా ఉన్నా, వీపు మీద బద్ద పెట్టినట్టు నిలబడి పక్కన గుడ్డ జారిపోతది. దుకాణంలనే తేల్చుకోవచ్చు. గుడ్డ ముక్క ఒకటి జేబుల పెట్టుకొని పోయి, మూసిన జిప్పునూ ఆ ముక్కనూ కలిపి చూపుడువేలు మీద వేలాడదీయండి. రెండూ ఒకే తీరు వంగితే మంచిది. జిప్పు ఒక్కటే అడ్డంగా నిలబడితే పక్కకు పెట్టేయండి.

ఇంకోటి, మూసిన జిప్పును కౌంటర్ అద్దం మీద తీగ లెక్క పొడుగ్గా పడేయండి. అరటిపండు లెక్క ఒక దిక్కుకు వంగితే ఆ రెండు పట్టీలు సమానంగా లేవు. దాన్ని ఎవరు కుట్టినా అలే. రబ్బరు బ్యాండు వేసిన కట్టలో ఉండి ముడత పడింది వేరు, అది ఇస్త్రీకి పోతది. పట్టీ వంకర మాత్రం పోదు. రన్నర్‌ను నాలుగుసార్లు పైకి కిందికి లాగి చూడండి. పలిమెల, మహాముత్తారం దిక్కు నుంచి వచ్చేవాళ్లకు మార్చుకోవడానికి మళ్లీ భూపాలపల్లి దాకా బస్సు, ఒక రోజు. అందుకే ఈ పరీక్షలు దుకాణంలనే చేయమంటున్నాం. రంగు గుడ్డకు సరిగ్గా కలవకపోతే ఒక వన్నె ముదురుది తీసుకోండి. పట్టీ ఎట్లాగూ లోపలే ఉంటది, బయట కనిపించేది రన్నర్ మొన ఒక్కటే. లేతది తెల్లగా మెరుస్తది.

పొడవు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. తెరుచుకోవాల్సింది 17 అంగుళాలైతే 18 అంగుళాల జిప్పు చాలదు, 20 కావాలి. కనిపించని జిప్పును అడుగు దాకా కుట్టలేం. రన్నర్ అడుగున కూర్చుంటది, ఫుట్ దానికి తగిలి ఆగుతది. కనీసం ఒకటిన్నర అంగుళం తోక కింద మిగలాలి. ఈ తోక ఇంకో పనికి కూడా వస్తది, కింద చెప్తాం.

ఈ ఏడు తీజ్‌కు తొమ్మిదో రోజు ఇంక మూడు రోజులుందనంగ ఒక చెల్లె ఫ్రాక్ పట్టుకొచ్చింది. వేరే చోట కుట్టించారు. ముదురు ఆకుపచ్చ రేయాన్, కాటన్ లైనింగ్, కింద కలీలు. వాళ్లమ్మ నాట్ల కూలి పైసలతో కొన్న గుడ్డ. మళ్లీ కొనే ముచ్చట లేదు, మిగిలిన ముక్క కూడా లేదు. మెడ నుంచి నడుము దాకా 12 అంగుళాలు జిప్పు నున్నగా ఉంది. నడుము జాయింట్ దాటంగనే కిందున్న 5 అంగుళాల్లో మూడు పెద్ద అలలు. కుట్టిన చోట పిల్ల వెడల్పుగా ఉందని, అందుకే గుంజుతున్నదని అన్నారట. ఆ మాట తప్పు. ఒళ్లు బిగిస్తే నడుము దగ్గర గుడ్డ అడ్డంగా గీతలు పడి జిప్పు విచ్చుకుంటది. ఇక్కడ నడుము వదులుగానే ఉంది. అలలు లేచింది కలీ ఉన్న చోట మాత్రమే.

పై భాగం నిలువు పోగు మీద కోసింది, అందుకే సాగలేదు. కలీ అట్లా కాదు. పైన సన్నగా, కింద వెడల్పుగా రావడానికి దాని పక్క అంచును ఏటవాలుగా కోస్తారు. ఏటవాలు కోసిన అంచు రబ్బరు లెక్క సాగుతది, కింద ఘేరా బరువు కూడా దాన్నే గుంజుతది. ఆ అంచును మిషన్ కింద పెట్టి పైన జిప్పు పెడితే, మిషన్ పళ్లు అడుగున ఉన్న గుడ్డను తోస్తాయి, ఫుట్ పైనున్న పట్టీని ఆపుతది. ప్రతి అంగుళానికి కొద్దికొద్దిగా గుడ్డ ఎక్కువ లోపలికి పోతది. విప్పి కొలిస్తే 5 అంగుళాల పట్టీకి దాదాపు 5 అంగుళాల పావు గుడ్డ కూర్చొని ఉంది. పావు అంగుళం చాలు, మూడు అలలకు.

ఆ ఎక్కువైన పావు అంగుళాన్ని ఎట్లా తగ్గించాలె అని మాలో చర్చ నడిచింది. ఆవిరి పట్టి కుదించాలని ఒకరు, నడుము దగ్గర పైకి లేపి కొయ్యాలని ఒకరు. మా ఒక అక్క అన్నది, "తగ్గించుడు ఎందుకే? జిప్పుకు తోక ఉన్నది కదా." నిజమే. పైన మెడ దగ్గర, మధ్యన నడుము దగ్గర పట్టీ కట్టుబడి ఉంటది, కింది చివర మాత్రం దాని ఇష్టం. గుడ్డను గుంజకుండా బల్ల మీద దాని మానాన అది పడుకోనిచ్చి, దాని పక్కనే పట్టీని పడుకోబెడితే, 5 అంగుళాల పావు గుడ్డకు 5 అంగుళాల పావు పట్టీ సరిపోతది. తోకలోంచి పావు అంగుళం వాడుకుంటాం, అంతే. చూసుకోవాల్సింది కుడి ఎడమ రెండు కలీలూ సమానంగా సాగినయా అని. ఒకటి ఎక్కువ సాగితే కింద అంచు వంకర వస్తది, దాన్ని చివర్న కత్తిరించుకోవాలి. ఈ ఫ్రాక్‌లో రెండూ ఒకటే ఉన్నాయి.

నడుము కింది కుట్టు రెండు పక్కలా విప్పి, ఆ పూట ఫ్రాక్‌ను హ్యాంగర్‌కు వేలాడదీశాం. సాగేది ఏమన్నా ఉంటే కుట్టక ముందే సాగిపోవాలని. తెల్లారి బల్ల మీద పరిచి, పల్చటి ఫ్యూజింగ్ నుంచి అంగుళం వెడల్పు పట్టీలు రెండు నిలువు పోగు మీద కోసి, కలీ లోపలి దిక్కు కుట్టు గీత దాని కిందికి వచ్చేటట్టు అతికించాం. తెరుచుకునే చోటు కన్నా ఒక అంగుళం కిందికి దాకా. ఇస్త్రీ పెట్టెను రుద్దొద్దు, పెట్టి ఎత్తాలి. రుద్దితే అదే మళ్లీ గుడ్డను సాగదీసి, ఆ సాగుడునే అతికించేస్తది. ఈ ఫ్యూజింగ్ పట్టీ పడ్డంక ఏటవాలు అంచు నిలువు అంచు లెక్క బుద్ధిగా ఉంటది. కలీ ఫ్రాక్‌కు మొదటి నుంచి కుట్టేవాళ్లు ఇది తప్పకుండా వేయండి. ఇంకో ఉపాయం కూడా ఉంది. కొందరు కలీని ఒక పక్క నిలువుగా, ఒక పక్క ఏటవాలుగా కోస్తారు. అట్లా కోస్తే వెనక మధ్యన వచ్చే రెండు కలీలనూ అద్దంలో చూసినట్టు ఎదురుబొదురుగా కోసుకొని, నిలువు పక్కలు రెండూ జిప్పు దిక్కు పెట్టుకోండి. ఏటవాలు పక్కలు అవతలికి పోతాయి. గుడ్డ దండగ కాదు, ఆలోచన ఒక్కటే కావాలి.

ఆ తర్వాత జిప్పు. దాన్ని పూర్తిగా తెరిచి, వెనక్కి తిప్పి, తక్కువ వేడి ఇస్త్రీతో పళ్ల చుట్ట మీద ఒత్తాలి. లోపలికి ముడుచుకొని ఉన్న పళ్లు నిటారుగా లేస్తాయి, అప్పుడే సూది వాటి మొదలు పక్కన పోగలుగుతది. వేడి ఎక్కువైతే నైలాన్ పళ్లు కరిగి రన్నర్ అక్కడ ఆగిపోతది, జాగ్రత్త.

తర్వాత గుర్తులు. ఇది ఎవరూ చేయరు, అలలు ఆగేది మాత్రం దీనితోనే. గుడ్డ మీద, పట్టీ మీద పై నుంచి ప్రతి 2 అంగుళాలకూ చాక్‌తో గీత పెట్టండి. రెండూ బల్ల మీద పడుకొని ఉన్నప్పుడే పెట్టాలి, చేతుల్లో పట్టుకొని కాదు. జిప్పు మొహాన్ని గుడ్డ మొహం మీద ఆనించి, పళ్లు కుట్టు గీత మీదికి, పట్టీ అంచు గుడ్డ కోసిన అంచు దిక్కుకు వచ్చేటట్టు పెట్టి, గీతకు గీత కలిపి చేత్తో కచ్చా కుట్టు వేయండి. గుండుసూదులు చాలవు, రెండు సూదుల మధ్య గుడ్డ జరుగుతది. కచ్చా కుట్టుకు పట్టేది పది నిమిషాలు, రేయాన్ మీద కుట్టు విప్పి మళ్లీ వేయడానికి పట్టేది అర పూట, పైగా విప్పిన చోట సూది రంధ్రాలు మిగులుతాయి. ఆ ఫ్రాక్ మీద ఆ రంధ్రాలు మేం కుట్టు గీతను ఒక్క పోగు లోపలికి జరిపి దాచాం. మార్జిన్ ముప్పావు అంగుళం ఉంది కాబట్టి కుదిరింది.

మిషన్ మీద అడుగున రెండు గాళ్లున్న ప్రత్యేకమైన ఫుట్ ఉంటే మేలు. పళ్లు ఆ గాడిలోంచి పోతాయి, సూది వాటి పక్కనే పడుతది. లేకపోతే హాఫ్ ఫుట్‌తో, ఎడమ చేతి గోరుతో పళ్లను పక్కకు వత్తుతూ కుట్టొచ్చు. మేం చాలా రోజులు అట్లనే కుట్టాం. పళ్లకు మరీ ఆనించి కుడితే రన్నర్ పట్టుకుంటది, దూరం కుడితే పట్టీ బయట కనిపిస్తది. దారం మందం అంత జాగా చాలు. రెండు పక్కలా పై నుంచి కిందికే కుట్టండి. ఒక పక్క పై నుంచి, ఇంకో పక్క కింది నుంచి కుడితే గుడ్డ ఒక దిక్కు పైకి, ఒక దిక్కు కిందికి తోసుకుపోయి, జిప్పు మూయంగనే వీపు మెలి తిరుగుతది. కుట్టేటప్పుడు ముందు చేయి, వెనక చేయి రెండూ ఊరికే గుడ్డ మీద ఆనించి ఉండాలి. గుంజొద్దు.

ఒక పక్క అయినంక జిప్పు మూసి చూడండి. నడుము జాయింట్ ఎక్కడుందో ఎదుటి పట్టీ మీద చాక్‌తో గీసి, తెరిచి, ఆ గీతను ఎదుటి నడుముకు కలిపి కచ్చా కుట్టు వేయండి. నడుము ఒక పక్క ఎత్తు, ఒక పక్క దిగువ కాకుండా ఉండేది దీనితోనే. జాయింట్ దగ్గర గుడ్డ మడతలు మందమైతాయి, రన్నర్ అక్కడ ఆగుతది. లోపలి మడతలను కొంచెం కత్తిరించి పల్చబరచి, ఆ అరంగుళం మేర పళ్లకు ఇంకో దారం దూరం జరిగి కుట్టండి.

కింది చివర్న బుడగ లేవడం ఇంకో తలనొప్పి. మామూలు జిప్పుకు ముందు కింది కుట్టు మూసి తర్వాత జిప్పు వేయడం అలవాటు. దీనికి తిప్పి చేయాలి: ముందు జిప్పు, తర్వాత కింది కుట్టు. తోకను పక్కకు గుంజి పట్టుకొని, హాఫ్ ఫుట్‌తో, జిప్పు కుట్టు ఆగిన చోటుకు పావు అంగుళం పై నుంచి, దానికి ఒక దారం అవతలగా మొదలుపెట్టి కిందికి రండి. అదే చోట నుంచి, అదే గీత మీద మొదలుపెడితే చిన్న గుంట పడుతది. తోక రెండు అంచులను లోపలి మార్జిన్‌కు మాత్రమే కుట్టండి, పై గుడ్డకు తగిలించొద్దు. లైనింగ్‌ను పళ్లకు కొంచెం ఎడంగా మడిచి చేత్తో కుట్టుకోవాలి. అది బిగువైతే అదే మళ్లీ పై గుడ్డను గుంజుతది.

ఆ చెల్లె ఫ్రాక్ రెండో రోజు సాయంత్రానికి అయిపోయింది. ఫ్యూజింగ్ ఒక్కదానికే డబ్బులు తీసుకున్నాం.

చివరిగా, ఈ జిప్పు అన్నింటికీ పనికిరాదు. ఒంటికి బిగుతుగా ఉండే బ్లౌజ్‌కు, నడుము మీద పూర్తి బరువు పడే మందపాటి లంగాకు వేయకండి. పళ్లు సన్నవి, నడుము దగ్గర గుంజుడు పడితే మధ్యలోంచే విచ్చుకుంటాయి. అట్లాంటి వాటికి హుక్కులో, మామూలు జిప్పో మేలు. ఫ్రాక్‌కు వేసినా మెడ దగ్గర జిప్పు పైన ఒక చిన్న హుక్ కుట్టండి. ఆడేటప్పుడు చేతులు పైకి లేపితే మొదటి గుంజుడు రన్నర్ మీద కాకుండా ఆ హుక్ మీద పడుతది.